నాలుగో డబ్బా

మా చెల్లెలి కూతురు బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్ ముగించి, ఉద్యోగాలకు పంపే ప్రొఫైల్ తెచ్చి నా ముందు పెట్టింది. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కదా, దిద్దిపెట్టమంది. చదివాను. కష్టపడే తత్వం, నలుగురితో కలిసిపోయే గుణం, కంప్యూటర్ పరిజ్ఞానం. పేరు మారిస్తే బ్యాంకు గుమస్తాకీ సరిపోతుంది.

"ఆఖరేడు రావెప్ అని పల్లెలో ఉన్నావుగా, అక్కడేం చేశావే?"

"ఏముంది మావయ్యా, మిర్చి రైతు దగ్గరున్నా. 2021, నల్ల తామర పురుగు వచ్చిన ఏడు. ఆయన మూడు మందులు కలిపి వారానికి రెండుసార్లు కొట్టేవాడు. డబ్బాల మీద చూస్తే మూడు పేర్లు. కింద చిన్నక్షరాలు చదివితే మూడిట్లోనూ ఉన్నది ఒక్కటే, ఫిప్రోనిల్. రెండు పక్కన పెట్టించా. పూలు తెల్లకాగితం మీద దులిపి, రాలిన పురుగుల్ని లెక్కపెట్టాకే కొట్టమన్నా. వారానికి ఒకసారికి దిగాడు."

"దిగుబడి?"

"పెరగలేదు. ఆ ఏడు పురుగు అందరినీ ముంచింది. మందుల ఖర్చు మాత్రం సగానికి పైగా తగ్గింది."

"ఇదే రాయి. దిగుబడి పెరగలేదన్నది కూడా రాయి. అప్పుడే మిగతాది నమ్ముతారు."

అదే అనుభవాన్ని రెండు రకాలుగా రాయించాను. మసాలా కంపెనీకి పంపేదాంట్లో ఆఖరి పిచికారీకీ కోతకూ మధ్య ఎన్ని రోజులు ఆగారో, కల్లంలో కాయ తేమ ఎంతకు దిగాక బస్తాకెత్తారో ముందుకొచ్చాయి. వాళ్లకు కావలసింది మందు అవశేషం లేని, బూజు పట్టని కాయ. రైతు సలహా సేవలని ప్రకటన వేసిన సంస్థకు డబ్బాల కథ ముందు పెట్టాం.

మసాలా కంపెనీ ఉలకలేదు. సలహా సంస్థ పిలిచింది. ఇంటర్వ్యూలో పెద్దాయన ఆ పేరా రెండుసార్లు చదివి, అక్కడికక్కడే ఆ రైతుకు ఫోన్ చేయించాడట.

"ఆ పాపా? కొట్టమంటే కొడతా, మానమంటే మానేస్తా. ఎందుకని కూడా అడగను," అన్నాడట రైతు.

ఆ మాటతో ఉద్యోగం ఖాయమైంది. మా చెల్లెలు వీధంతా మిఠాయి పంచింది.

వారానికి ఆర్డరు వచ్చింది. పదవి: రైతు సలహాదారు. కింద నెలవారీ లక్ష్యం: సంస్థ సొంత మిర్చి మందు, 400 లీటర్లు. నమూనా కోసమని కాగితంతో పాటే కొత్త డబ్బా ఒకటి పంపారు. ఎర్రటి మిరపకాయ బొమ్మ, నేనెప్పుడూ వినని పేరు.

పిల్ల దాన్ని తిప్పి చిన్నక్షరాలు చదివింది. ఏమీ అనకుండా నా చేతికిచ్చింది. కళ్లజోడు పెట్టుకుని చూశాను.

ఫిప్రోనిల్.