పదిహేడో వరస

"మాకేమీ వద్దండీ. మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం."

పెళ్లిచూపుల నాడు వియ్యంకుడుగారు ఈ మాట అంటే మా అన్నయ్య పొంగిపోయి ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టాడు. మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అడగడం లేదు, అన్నీ కబుర్లే. పెద్దకోడలు కారులోనే దిగిందట. ఆడపడుచులకు పెట్టిన చీరల గురించి బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారట. ఓసారి వియ్యపురాలు, "మేడమీద గది ఎండాకాలం నిప్పులగుండం వదినగారూ, మీ పిల్ల ఎలా పడుకుంటుందో ఏమో" అని నిట్టూర్చింది. ఆ వారమే ఒకటిన్నర టన్నుల ఏసీ ఆ గది గోడకెక్కింది. కాలవ పక్క ఎకరం చేతులు మారింది. అడిగితే కాదనొచ్చు. అడగనిదాన్ని కాదనడం ఎలా?

మా అన్న కూతురిదీ పెళ్లికొడుకుదీ ఇంచుమించు ఒకే జీతం. పెళ్లి ముందురోజు సాయంత్రం విడిదిలో అది రెండు కాగితాలు తీసింది. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనల ప్రకారం, పెళ్లికూతురికి వచ్చినవి ఒక జాబితాగా, పెళ్లికొడుక్కి వచ్చినవి ఇంకో జాబితాగా రాయాలి. వస్తువేమిటి, విలువ సుమారు ఎంత, ఇచ్చిందెవరు, వాళ్లేమవుతారు. రెండింటి మీదా ఇద్దరూ సంతకం పెట్టాలి. కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం ఐదేళ్ల జైలనే ఆ చట్టమే, అడగకుండా ఆనవాయితీగా, తాహతుకు మించకుండా పెట్టిన కానుకల్ని ఇలా రాసిపెడితే వదిలేస్తుంది. పొలం అమ్మి పెట్టింది తాహతు లోపలిదేనా అని నేను నోరు తెరవబోయాను. మా వదిన కాలు తొక్కింది.

పెళ్లికొడుకు జాబితాలో పదహారు వరసలున్నాయి. పెళ్లికూతురి జాబితాలో వాళ్లవైపు నుంచి వచ్చింది ఒక్క పట్టుచీర.

పెళ్లికొడుకు పెన్ను అందుకున్నాడు. వియ్యంకుడుగారు చటుక్కున కాగితం లాక్కున్నారు.

"ఏంటమ్మా ఇది? మేమేమన్నా నోరు తెరిచి అడిగామా?"

"అడగలేదు కదా మామయ్యగారూ. ఆ మాటే పైన రాశాను, చూడండి. 'అడగకుండా ఇచ్చినవి' అని."

ఆయన కాస్త చల్లబడ్డారు. కళ్లజోడు పెట్టుకుని, వేలు ఒక్కో వరస మీద ఆనించి, పెదవులు కదుపుతూ చదివారు. కారు, బ్రేస్‌లెట్, ఫ్రిజ్, మంచం... పదహారో వరస దాటాక వేలు ఆగింది. మళ్లీ పైకెళ్లింది. మళ్లీ కిందికొచ్చింది.

"ఇందులో ఏసీ లేదేంటి?"

విడిదంతా నిశ్శబ్దం. మా అన్నయ్య అలవాటు కొద్దీ, "మర్చిపోయినట్టుంది బావగారూ..." అంటూ లేవబోయాడు.

పిల్ల పెన్ను మూత తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మర్చిపోలేదు నాన్నా. పదిహేడో వరస ఖాళీగా వదిలాను మామయ్యగారూ. ఆ వరస పైన 'అడిగినవి' అని రాసి, కింద మీరే పూర్తి చేయండి."