నాణెం ముట్టకుండా 200 సార్లు ఎగరేయడం ఎలా?

స్టాటిస్టిక్స్ మాస్టారు ఇంటిపని ఇచ్చారు. రూపాయి బిళ్ళ 200 సార్లు ఎగరేయాలి, బొమ్మ పడితే 1, బొరుసు పడితే 0 రాయాలి, ఆ కాగితం రేపు పట్టుకురావాలి. నిజంగా ఎగరేశారనుకోండి, ఒక్కోసారికి ఐదు సెకన్లు వేసుకున్నా పావుగంట దాటిపోతుంది. మీ అంత తెలివైనవాళ్ళు రూపాయి బిళ్ళ మీద పావుగంట తగలేయడమేమిటి? ఈ చిట్కాలు పాటించండి. గంటన్నరలో పని ముగించుకుని హాయిగా పడుకోవచ్చు.

1. బొమ్మతో మొదలుపెట్టండి. ముందుగా మనసులోకి వచ్చేది అదే కాబట్టి 1 రాసేయండి. మీ పక్కవాడూ అదే రాస్తాడు, వాడి పక్కవాడూ అంతే. నలభై కాగితాల్లో నిజంగా ఎగరేసినవైతే సుమారు ఇరవై 0తో మొదలవ్వాలి. కానీ మాస్టారు అన్ని కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తారా ఏమిటి! ఆయనకు ఇంట్లో పనులుండవూ?

2. ప్రతి వరసలోనూ లెక్క సరిపెట్టండి. వరసకు ఇరవై చొప్పున పది వరసలు గీసుకోండి. నాణేనికి రెండు వైపులూ సమానమే కాబట్టి ప్రతి వరసలో పది బొమ్మలు, పది బొరుసులు ఉండితీరాలి. నమూనా ఇదిగో:

```
10110100101100101001
```

ఎంత ముచ్చటగా ఉందో చూశారా? నిజం నాణెం ఇరవై ఎగరవేతల్లో సరిగ్గా పదీ పదీ ఇచ్చేది ఇంచుమించు ఆరు వరసల్లో ఒక్కదానికే. మిగతా వాటిలో ఎనిమిదీ పన్నెండూ, ఏడూ పదమూడూ అంటూ చిందరవందర చేస్తుంది. పదికి పది వరసలూ పదీ పదీ రావాలంటే మూడున్నర కోట్ల మంది కూర్చుని ఎగరేస్తే ఒకరికి వస్తుంది. ఆ ఒక్కరూ మీరేనని మాస్టారికి తెలియజేయడంలో తప్పేముంది?

3. ఒకే ముఖాన్ని మూడుసార్లకు మించి పడనివ్వకండి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. 111 రాశాక చెయ్యి దానంతటదే 0 వైపు లాగుతుంది. ఆ లాగుడును నమ్మండి. నాలుగోసారి కూడా బొమ్మ పడితే చూసేవాళ్ళకు అనుమానం రాదూ?

నాణేనికి మాత్రం ఈ మర్యాద తెలియదు. ఇందాక ఏం పడిందో దానికి గుర్తుండదు. మూడు బొమ్మలు పడ్డా, ముప్ఫై పడ్డా, తర్వాతి బొమ్మకు అవకాశం సగమే. అందుకే అది సిగ్గులేకుండా ఐదారు బొమ్మలు వరసపెట్టి పడేస్తుంది. 200 ఎగరవేతల్లో ఎక్కడో ఒకచోట ఒకే ముఖం కనీసం ఆరుసార్లు వెంటవెంటనే పడే అవకాశం నూటికి 96. అమెరికాలో జార్జియా టెక్‌లో లెక్కలు చెప్పిన థియోడర్ హిల్ విద్యార్థులకు సరిగ్గా ఈ ఇంటిపనే ఇచ్చేవారు. ఎగరేసినా సరే, ఎగరేసినట్టు కల్పించి రాసినా సరే అనేవారు. మర్నాడు ఒక్కో కాగితం మీద అలా కళ్ళు తిప్పి, కల్పించినవాటిని దాదాపు తప్పు పోకుండా ఏరేసేవారు. ఆయన వెతికిందల్లా ఆరు ఒకట్ల గుంపో, ఆరు సున్నాల గుంపో. అంతకుముందే హంగరీలో తమాష్ వర్గా బడిపిల్లలతో ఇలాంటి పరీక్ష చేయించాడు. సగంమంది ఎగరేస్తారు, సగంమంది ఊహించి రాస్తారు, ఏది ఏదో మాస్టారు చెబుతాడు.

మీ మాస్టారికి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి లెండి. ఊరికే ఏమీ తోచక 200 అన్నారు, 20 అనలేదు, అంతే.

4. వీలైనంత తరచుగా మార్చండి. అస్తవ్యస్తంగా కనిపించాలంటే క్షణం కుదురుగా ఉండకూడదు. పై నమూనాలో పక్కపక్క అంకెల జతలు 19. వాటిలో 14 చోట్ల అంకె మారింది. నాణెం అయితే సగటున తొమ్మిదిన్నర చోట్ల మారుతుంది. ఒక్క వరసను పట్టుకుని ఎవరూ మిమ్మల్ని ఏమీ అనలేరు, నాణేనికి కూడా అప్పుడప్పుడు 14 వస్తుంది. అందుకని ధైర్యంగా పది వరసలూ ఇదే తీరున నింపండి. 199 జతల్లో 140 మార్పులు తేలతాయి. నాణేనికి సుమారు 100 రావాలి, 114 దాటేది నూటికి ఇద్దరికే. చేత్తో అల్లేవాళ్ళు మామూలుగా పదింటికి ఆరుచోట్ల మారుస్తారు, ఆ లెక్కకే 119 వచ్చి దొరికిపోతారు. మీరు 140తో వాళ్ళందరినీ వెనక్కి నెట్టేశారు.

5. ఇదంతా చదివి కంగారు పడ్డారా? ఒక ఆరు గుంపు దూర్చండి. ఒక్కటి చాలు. ఏడో వరస నడుమ 111111 పెట్టండి. అక్కడి నుంచి మళ్ళీ మీ పాత పద్ధతికే వచ్చేయండి. అరిచేతిలో అరటిపండులా ఉంది కదూ! నిజం కాగితంలో సుమారు నూరు గుంపులుంటాయి. వాటిలో సగం ఒంటరి అంకెలు, పావు భాగం జంటలు, పన్నెండో పదమూడో మూళ్ళు. ఇంకో పన్నెండు దాకా నాలుగూ అంతకుమించినవీ ఉంటాయి, వాటిలోనే ఆరూ ఏడూ మూడు దాకా పడుతుంటాయి. మీ కాగితంలో నాలుగులూ ఐదులూ ఒక్కటీ లేకుండా నేరుగా ఆరు ఊడిపడుతుంది. చెట్టంత మనిషి బాలవాడిలో కూర్చున్నట్టు కనబడుతుంది, కనబడనివ్వండి.

ఆ నాలుగులూ ఐదులూ కూడా సరిగ్గా పంచుతానంటారా? లెక్క కట్టి, చీటీలు కలిపి, ఏ గుంపు తర్వాత ఏది రావాలో చీటీ తీసి రాయాలి. అంటే నాణెం బదులు చీటీలు ఎగరేస్తారన్నమాట. దానికి రెండు గంటలు పడుతుంది. నాణెం ముట్టలేదన్న తృప్తి మాత్రం మిగులుతుంది.

6. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. మొదటిది: "ఆరు గుంపు రాని నలుగురిలో నేనొకణ్ణి సార్." ఇది అబద్ధమని ఎవరూ తేల్చలేరు, నూటికి నలుగురు నిజాయితీపరులకు నిజంగానే రాదు. పొరపాటున ఈ సాకు మీ బెంచీలో అందరికీ నేర్పకండి. అయిదుగురు ఒకేసారి లేచి నిలబడి చెబితే బాగుండదు.

రెండోది ఇంకా శాస్త్రీయం: "నాణెమే వంకర సార్." దీనికి ఆధారం కూడా ఉంది. 2023లో ఫ్రాంటిషెక్ బార్టోష్ బృందం నాణేలను 3,50,757 సార్లు ఎగరేసి రాసుకుంది. ఎగరేసేముందు పైన ఏ ముఖం ఉందో అదే పడేది నూటికి 50.8 సార్లని తేలింది. ఈ సంఖ్య బట్టీపట్టి గడగడా అప్పచెప్పండి. అయితే పడ్డ బిళ్ళను తిప్పకుండా అలాగే తీసి మళ్ళీ ఎగరేస్తే, ఈ వంకర వల్ల వచ్చిన ముఖమే మళ్ళీ కాస్త ఎక్కువసార్లు వస్తుంది, గుంపులు ఇంకాస్త పొడుగవుతాయి. మీ కాగితంలో అవి పొట్టివి. ఈ సంగతి మాస్టారు ఎత్తేలోపు గంట కొట్టేస్తే మీ అదృష్టం.

7. "సరే, ఇక్కడే నా ముందు ఎగరెయ్" అంటే? కుడిచెయ్యి బెణికిందని చెప్పండి. రాత్రంతా ఒకట్లూ సున్నాలూ రాసిన చెయ్యి కదా, చూస్తే ఆయనకే నమ్మకం కుదురుతుంది.