ఏమీ అనుకోకపోతే ఒక మాట

ముక్కుసూటి మనిషి ప్రతి బంధువర్గంలోనూ ఒకడైనా ఉంటాడు. అతన్ని గుర్తుపట్టడానికి మొహం చూడనక్కర్లేదు, మాట మొదలు వింటే చాలు. ‘నిజం చెప్పాలంటే’, ‘ఏమీ అనుకోకపోతే’, ‘ఉన్నమాట చెబుతున్నా’, ఆఫీసులో అయితే ‘ఫ్రాంక్‌గా చెప్పాలంటే’, డాలస్ నుంచి సెలవులకొచ్చిన కుర్రాడైతే ‘నో అఫెన్స్ అంకుల్’. వీటిలో ఏదొకటి చెవిన పడిందంటే వెనకాలే చురక బయల్దేరిందన్నమాట. ఏమీ అనుకోవద్దని బతిమాలి మరీ ఎవరూ ఎవరినీ పొగడరు.

ఎదుటివాడు నిజమే చెబుతున్నాడన్న నమ్మకం మీదే సంభాషణ నడుస్తుందని తత్త్వవేత్త పాల్ గ్రైస్ 1975లో అచ్చయిన వ్యాసంలో వివరించాడు. ఆ లెక్కన నిజం చెబుతున్నానని విడిగా ప్రకటించడం దండగ. అయినా ప్రకటించేది ఎక్కడంటే, మర్యాదకు వేరే జవాబు రావాల్సిన చోట. ‘కూర ఎలా ఉంది?’ అన్న ప్రశ్నకు లోకం ఎదురుచూసే జవాబు ‘బాగుంది’ ఒక్కటే. ఆ దారి తప్పబోతున్నవాడు ముందుగా చెయ్యి చాపి మలుపు చూపిస్తాడు. అంతవరకు ఆ మాట చేసే పని న్యాయమైనదే. ముక్కుసూటి మనిషి మాత్రం రోడ్డంతా చెయ్యి చాపుకునే నడుపుతాడు.

గృహప్రవేశంలో ఇతని పనితనం బాగా కనిపిస్తుంది. సత్యనారాయణ వ్రతం అయిపోతుంది, పులిహోర రెండోసారి వడ్డించుకుంటాడు, చెయ్యి కడుక్కుని ఇల్లంతా ఒకసారి తిరిగొస్తాడు. అప్పుడు గృహస్థు భుజం మీద చెయ్యి వేసి, ‘ఏమీ అనుకోనంటే ఒక మాట చెప్తా’ అని ఆగుతాడు. ఆ ఆగడంలోనే ఉంది అసలు నేర్పంతా. పెద్దాయన అడిగినప్పుడు ‘అనుకుంటాను, చెప్పకండి’ అన్న గృహస్థు ఇంకా పుట్టలేదు. ‘అయ్యో, చెప్పండి బాబాయ్ గారూ’ అనేస్తాడు. దాంతో దెబ్బకు తినేవాడి అనుమతి దొరికినట్టే. ‘మెట్లు ఈశాన్యంలో ఎలా పెట్టనిచ్చావురా?’ స్లాబు పడింది, రంగులు పడ్డాయి, ఇరవై ఏళ్ల లోనుకు మొదటి వాయిదా కూడా పడింది. ఇప్పుడు మెట్లెక్కడికీ వెళ్లవు. గృహస్థు మొహం వాడిపోతే, ‘అందుకే ఏమీ అనుకోవద్దని ముందే చెప్పాను కదా’ అంటాడు. తప్పు ఇప్పుడు బాధపడ్డవాడిది.

ఈ ముక్కుకు ఒకటే సూటి, అదీ పల్లం వైపు. వరసకు చిన్నవాళ్లు, ఆడపెళ్లివారు, అద్దెకుండేవాళ్లు, కొత్త కోడలు: వీళ్ల దగ్గర నిజం ఆగదు. అదే మనిషి మేనేజరు ముందు నిలబడితే ‘నిజం చెప్పాలంటే’ కాస్తా ‘అంటే... నా ఉద్దేశం ఏంటంటే సార్’ అయిపోతుంది. కొత్త కోడలే ‘ఏమీ అనుకోకండి మావయ్యగారూ, సాంబారు మీకు నచ్చడం లేదని మూడోసారి వడ్డించుకునేటప్పుడు చెబుతున్నారు’ అందనుకోండి, అది నిజాయితీ కింద జమకాదు, పెంపకం లోపం కింద ఖర్చు రాస్తారు.

ఇతని చుట్టాలు అన్ని భాషల్లోనూ ఉన్నారు. హిందీలో ‘బురా న మానో, హోలీ హై’ అనేలోగా చొక్కా రంగు మారిపోతుంది. ఇంగ్లిషువాడు ‘మీమీద గౌరవంతోనే’ అని మొదలుపెట్టాడంటే ఆ గౌరవం వాక్యం చివరిదాకా నిలబడటం కష్టం. జపాన్‌వారిది మరీ పొదుపు. ఫోన్‌లో ‘షిత్సురేయ్ దెసు గా’ అంటారు. అమర్యాదే గానీ, అని దాని భావం. అక్కడితో ఆపేస్తారు. అవతలివారు అర్థం చేసుకుని పేరు చెబుతారు. పేరడగడమనే అమర్యాద నోట్లోంచి బయటికే రాదు. ముక్కుసూటి మనిషికి ఈ పద్ధతి నేర్పితే లోకానికి మేలే, కానీ మొదటి సగం చెప్పి ఊరుకోవడం అతని వల్ల కాదు.

పైగా ఈ ముందు హెచ్చరిక దెబ్బను మెత్తబరుస్తుందన్న భరోసా కూడా లేదు. అమెరికాలో 2008లో వెలువడిన ఒక మనస్తత్వ పరిశోధనలో, గర్వమనుకోవద్దని చెప్పి గర్వంగా మాట్లాడినవాళ్లు వినేవాళ్లకు మరింత గర్విష్ఠులుగా కనిపించారు. దేనికోసం చూడాలో చెప్పేవాడే చూపించాడు మరి. మెట్ల సంగతి గృహస్థు మామూలుగా వింటే మరిచిపోయేవాడేమో. ఏమీ అనుకోవద్దన్నాక రాత్రంతా అదే అనుకుంటాడు.

ఇదే మాట నిజంగా నిజాయితీతో వచ్చే సందర్భాలూ ఉన్నాయి. తేడా పట్టడానికి తేలికైన దారి, దెబ్బ ఎవరికి తగిలిందో చూడటం. ‘నిజం చెప్పాలంటే ఆ రోజు మీ డబ్బు ఖర్చుపెట్టేశాను’ అన్నవాడికి తగిలేది తన దెబ్బే, అది ఒప్పుకోలు. ‘నిజం చెప్పాలంటే మీ అబ్బాయికి ఆ కాలేజీ ఎక్కువ’ అన్నదాంట్లో చెప్పినవాడికి గీతైనా పడదు. ముక్కుసూటి మనిషి మొదటి రకం వాక్యం అన్నట్టు బంధువుల్లో ఎవరికీ గుర్తులేదు. బాకీ అడిగితే మాత్రం అతను చాలా మొహమాటస్థుడు.