ఖాతా పుస్తకం

శ్రీనుకి కడుపునొప్పి రాత్రి రెండింటికి వచ్చేది. గడియారం చూడక్కర్లేదు.

గుంటూరు కొత్తపేటలో రాత్రంతా తెరిచుండే మందుల షాపు అది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా కౌంటర్ వెనక అతనొక్కడే. కుర్చీ ఉంది గానీ కూర్చునే తీరిక ఉండదు. చుట్టూ ఆస్పత్రులే, ఒకరు వెళ్లేలోపు ఇంకొకరు చీటీ పట్టుకుని నిలబడతారు. ఏడేళ్లుగా అలా నిలబడి నిలబడి మడమలు పీకుతున్నాయి. అందుకని రోజూ రెండు డైక్లోఫెనాక్ మాత్రలు. ఒకటి డ్యూటీ ఎక్కేముందు, ఒకటి దిగాక.

ఊరికే తీసుకునేవాడు కాదు. వేసుకున్న ప్రతి మాత్రా యజమాని పెట్టిన ఖాతా పుస్తకంలో తన పేరు కింద రాసేవాడు. నెలాఖరున జీతంలో కోత.

నొప్పి రొమ్ము ఎముక కింద, గుంటలో. పిడికిలితో నొక్కి పట్టుకోవాలనిపించేది. ఒక బన్ను తిని పాలు తాగితే సర్దుకునేది. తింటే తగ్గుతోంది కాబట్టి గ్యాస్ అనుకున్నాడు. గుంటూరులో గుండెపోటుకి కూడా మొదట పెట్టే పేరు అదే. గులాబీ రంగు సిరప్ సీసా తీసి రెండు మూతలు తాగేవాడు. సీసా కూడా ఖాతాలోకెక్కింది.

మాత్రలు మొదలెట్టిన మూడో వారంలో ఒకరోజు అర్ధరాత్రి దాటాక ఆటో మస్తాన్ వచ్చాడు. నడుం నొప్పి. డైక్లోఫెనాక్ పది కావాలన్నాడు.

“చీటీ ఉందా భాయ్?”

“చీటీ ఎందుకు తమ్ముడూ? రెండు నెలల్నుంచి ఇవే వేసుకుంటున్నా. మామూలుగా కొనే షాపు కట్టేశారు.”

శ్రీను మాత్రల అట్ట మీది ఎర్ర గీత చూపించాడు. ఆ గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చూపించి, కత్తెర తీసుకుని నాలుగు కత్తిరించాడు.

“అన్నం తిన్నాకే వేసుకో. ఇవి అయ్యాక మళ్లీ అడగొద్దు, డాక్టరుకి చూపించుకో. ఇంకో మాట. దొడ్డికి నల్లగా, జిగటగా, తారులా వచ్చిందనుకో, ఒక్క పూట కూడా ఆగొద్దు. లోపల రక్తం కారుతున్నట్టు.”

మస్తాన్ తలూపి వెళ్లాడు. మళ్లీ కనపడలేదు. ఇంకో షాపు పట్టుకుని ఉంటాడనుకున్నాడు శ్రీను.

నాలుగో వారానికి శ్రీనుకి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. అద్దంలో మొహం పాలిపోయి ఉంది. రాత్రి ఉద్యోగం, నిద్ర చాలదు, రక్తం తగ్గి ఉంటుందనుకున్నాడు. ఐరన్ మాత్రలు మొదలెట్టాడు. అవీ ఖాతాలో.

వారం తిరక్కుండా విరేచనం నల్లబడింది. ఐరన్ వేసుకుంటే నల్లబడటం మామూలే. ఆ మాట అతను రోజూ గర్భిణులకి చెప్పేదే, నిజం కూడా. అయితే ఐరన్ నలుపు మామూలు విరేచనానికి రంగు మారినట్టుంటుంది, అంతే. ఇది మెరుస్తోంది. రెండు బకెట్లు పోసినా గిన్నెకి అంటుకుని వదలటం లేదు. వాసన తలుపు దాటి వస్తోంది. అమ్మ బయటి నుంచి అడిగింది, “ఏం తిన్నావురా?”

“ఐరన్ మాత్రలమ్మా.”

ఇంకో వారం గడిచింది.

ఆ శుక్రవారం రాత్రి మూడింటికి ఎవరో చంటిపిల్లల పాలడబ్బా అడిగారు. పై అరలో ఉంది. శ్రీను స్టూలెక్కి చెయ్యి చాచాడు. డబ్బా అందింది. దిగలేదు, పడ్డాడు. లేచి కూర్చుని వాంతి చేసుకున్నాడు. కాఫీ పొడి నీళ్లలో కలిపినట్టుంది. పాలడబ్బాకి వచ్చినాయనే అతన్ని బండి మీద కూర్చోబెట్టుకుని రెండు సందుల అవతలి ఆస్పత్రిలో దించాడు.

నాడి 124. బీపీ పై అంకె 84. హిమోగ్లోబిన్ 5.8. రెండు సీసాల రక్తం ఎక్కించి, మనిషి కాస్త నిలబడ్డాక నోట్లోంచి గొట్టం దించి చూశారు. జీర్ణాశయం దాటగానే చిన్నపేగు మొదట్లో పుండు. పుండు మధ్యలో రక్తనాళం తెరుచుకుని ఉంది. దాని చుట్టూ అడ్రినలిన్ సూదిమందు వేసి, నాళానికి ఒక లోహపు క్లిప్పు బిగించారు. చిన్న ముక్క గిల్లి పసుపుపచ్చని పరీక్ష మందులో వేస్తే అది గులాబీ రంగుకి తిరిగింది. హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి కూడా ఉందన్నమాట. మూడు రోజులు యాసిడ్ తగ్గించే మందు డ్రిప్పులో ఎక్కుతూనే ఉంది.

“కారం తగ్గించమంటే విన్నాడు కాదండీ,” అంది తల్లి.

“కారం మంట పుట్టిస్తుందమ్మా, పుండు పుట్టించదు,” అన్నాడు డాక్టరు. శ్రీను వైపు తిరిగాడు. “నొప్పి మాత్రలు వాడేవాడివా?”

“అప్పుడప్పుడండీ. అది కూడా తిన్నాకే.”

“తిన్నా తినకపోయినా ఒకటే. అది కడుపులో తగిలి పుండు చెయ్యడం ఒక్కటే కాదు. రక్తంలో కలిసి, లోపలి పొరని కాపాడే పదార్థాన్నే తయారు కాకుండా ఆపేస్తుంది. సూదిమందుగా తీసుకున్నా అంతే. ఎన్ని వేసుకున్నావు?”

శ్రీను గుర్తులేదన్నాడు.

మధ్యాహ్నం షాపు యజమాని చూడ్డానికొచ్చాడు. సంచిలో ఖాతా పుస్తకం ఉంది. జీతం లెక్క చూద్దామని తెచ్చాడు. డాక్టరు అడిగి తీసుకుని శ్రీను పేజీ తిప్పాడు. ఆరు వారాలు, రోజుకి రెండు, ఒక్క రోజు తప్పకుండా. మొత్తం 84. పక్కనే సిరప్ సీసాలు తొమ్మిది, ఐరన్ మాత్రల అట్టలు రెండు. తారీఖులు వరసగా, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఏ వారం మంట మొదలైందో, ఏ వారం రక్తం కారడం మొదలైందో ఆ వరసలోనే తెలుస్తోంది. డాక్టరు ఆ పేజీకి ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

“కుర్రాడు నిజాయితీపరుడండీ,” అన్నాడు యజమాని. “ఒక్క మాత్ర దాచలేదు.”

నాలుగో రోజు వార్డులోకి మార్చారు. సాయంత్రం ఎవరినో దించడానికొచ్చిన మస్తాన్ కిటికీలోంచి చూసి లోపలికొచ్చాడు. కింద బండి మీద కొన్న బత్తాయిలు మంచం మీద పెట్టి కూర్చున్నాడు.

“ఏమైంది తమ్ముడూ?”

“పుండంట భాయ్. నొప్పి మాత్రల వల్ల.”

మస్తాన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“నాక్కూడా అదే! నువ్వు చెప్పిన మూడో రోజే నల్లగా వచ్చింది. తారులా అన్నావే, అచ్చం అలాగే. ఆటో తిప్పుకుని ఇటే వచ్చేశా. చిన్న పుండన్నారు. మందులతోనే మానింది. ఒక్క సీసా రక్తం కూడా ఎక్కించలేదు. మా ఇంట్లో రోజూ నీ పేరే చెప్పుకుంటున్నాం.”

శ్రీను ఏమీ అనలేదు. మస్తాన్ ఒక బత్తాయి ఒలిచి తొన చేతికిచ్చాడు.

“నాకు తెలీకడుగుతా తమ్ముడూ,” అన్నాడు. “నీకా మాత్రలిచ్చినోడెవడో, వాడికి ఈ మాత్రం చెప్పటానికి నోరు రాలేదా?”