మధ్యాహ్నం పెరిగిన నీరు

ఇంజనీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టు రివ్యూకి నేను తయారుచేసిన స్లైడ్లలో ఒక గ్రాఫ్ ఉంది. మా బస్తీ నాలాలో నీటిమట్టం రోజూ మధ్యాహ్నం పెరిగి రాత్రికి తగ్గుతున్నట్టు చూపించే గీత అది. మా పరికరం చక్కగా పనిచేస్తోందనడానికి దాన్నే రుజువుగా ఎగ్జామినర్ల ముందు పెట్టాను. నిజానికి పరికరం తప్పు చెబుతోందనడానికి అది రుజువు. ఆ సంగతి నాకు తెలియకపోవడం ఒక మూర్ఖత్వమైతే, ఎవరికీ కనిపించకుండా పోయేలా టాక్‌ను అమర్చుకోవడం అంతకన్నా పెద్ద మూర్ఖత్వం. నేను చెప్పుకోవాలనుకున్నది ఈ రెండో దాని గురించే.

మేం ఎంచుకున్న సమస్య మాత్రం నిజమైనదే. 2020 అక్టోబరు వానలకు పల్లె చెరువు నీళ్లు ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీని ముంచెత్తాయి. కొద్ది రోజులకే గుర్రం చెరువుకు గండిపడి హాఫిజ్ బాబా నగర్ మునిగింది. ఇళ్లలోకి నీళ్లు వచ్చేదాకా చాలామందికి కబురే అందలేదు. నాలా మీద ఒక సెన్సరు పెట్టి, నీరు మామూలు మట్టం కంటే పదిహేను సెంటీమీటర్లు పెరగగానే కింది వీధుల వాళ్ల ఫోన్లకు మెసేజ్ వెళ్లేలా చేద్దామన్నది మా బ్యాచ్ ఆలోచన.

దానికి వాడింది HC-SR04 అనే చౌక అల్ట్రాసోనిక్ సెన్సరు. నాలా మీది చిన్న వంతెన రెయిలింగుకు డబ్బాలో బిగించి కిందికి చూసేలా పెట్టాం. అది చెవికి వినపడని శబ్దాన్ని పంపుతుంది, నీటికి తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన కాలాన్ని ఇస్తుంది. ఆ కాలాన్ని శబ్దవేగంతో గుణించి సగం చేస్తే నీటికీ సెన్సరుకూ మధ్య దూరం వస్తుంది. మా చోట ఆ దూరం దాదాపు మూడు మీటర్లు. అందరూ రాసే లైనే మా ప్రోగ్రాములోనూ ఉంది:

```
distance = duration * 0.0343 / 2;
```

రివ్యూలో మాట్లాడటానికి పది నిమిషాలిచ్చారు. సమస్య, డిజైన్, ఫలితాలు, పరిమితులు అనే నాలుగు భాగాలూ ఉండాలని గైడ్ సార్ ముందే చెప్పారు. నాలుగూ పెట్టాను, కానీ సమస్యను 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరదతో మొదలుపెట్టాను. అక్కణ్నుంచి విశ్వేశ్వరయ్య, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. అన్నీ నిజాలే, పాతబస్తీ వాడిగా నాకు ప్రాణమైన చరిత్రే. కానీ మా సెన్సరు మూసీ మీద లేదు, నాలా మీద ఉంది. ఎంత మట్టం పెరిగితే ప్రమాదమో, ఎంత ముందుగా చెప్పాలో ఒక్క మాటా అనకుండానే మూడు నిమిషాలు గడిచిపోయాయి. డిజైన్‌లో ప్రతి భాగం బొమ్మా చూపించి ఇంకో నాలుగు నిమిషాలు తీసుకున్నాను. ఫలితాలకొచ్చేసరికి గడియారం వైపు చూస్తూ, ‘ఖచ్చితత్వం 98 శాతం’ అన్న స్లైడూ ఈ గ్రాఫూ గబగబా దాటించాను. పరిమితులను ‘భవిష్యత్తులో చేయదగినవి’ అనే పేరుతో చివర్న పెట్టి, అందులో మొబైల్ యాప్, సోలార్ ప్యానెల్ రాశాను. అవి మా పని పరిమితులు కావు, మా కోరికలు.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గ్రాఫును వెనక్కి తిప్పించారు.

“వాన లేని రోజుల్లో కూడా మధ్యాహ్నం రెండింటికి నీరెందుకు పెరుగుతోంది, బాబూ?”

“ఆ టైమ్‌లో ఇళ్లల్లో నీళ్ల వాడకం ఎక్కువ ఉంటది సార్.”

“ఆ టైమ్‌లో టేపు పెట్టి కొలిచారా?”

కొలవలేదు. సెన్సరు బిగించిన రోజు పొద్దున ఒకసారి కొలిచాం, అంతే. ఆయన తిట్టలేదు. “మీ కోడ్‌లో శబ్దవేగం ఎంత ఉష్ణోగ్రతకు తీసుకున్నారో చూసుకోండి” అని మార్కుల షీటు వైపు తిరిగారు.

ఆ రాత్రే కూర్చుని లెక్క చేశాం. 0.0343 అంటే సెకనుకు 343 మీటర్లు. అది ఇరవై డిగ్రీల గాలిలో వేగం. గాలి వేడెక్కే కొద్దీ శబ్దం ప్రతి డిగ్రీకీ దాదాపు 0.6 మీటర్లు వేగం పుంజుకుంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం నలభై డిగ్రీలుంటే వేగం 355 దాటుతుంది. ప్రతిధ్వని త్వరగా వచ్చేస్తుంది, ప్రోగ్రాము మాత్రం పాత వేగంతోనే గుణిస్తుంది. అసలు దూరం 300 సెంటీమీటర్లయితే 289 అని చెబుతుంది. రాత్రి ఇరవయ్యారు డిగ్రీలకు అదే దూరాన్ని 296 అంటుంది. నీరు కదలకుండా ఉన్నా పగలు ఏడు సెంటీమీటర్లు పెరిగినట్టు గీత లేస్తుంది. మా హెచ్చరిక గీత పదిహేను సెంటీమీటర్ల దగ్గర. అందులో దాదాపు సగం ఎండే తినేస్తోంది.

మరి ఆ 98 శాతం ఎక్కడిది? ల్యాబ్‌లో బకెట్ పరీక్షది. సెన్సరుకూ నీటికీ మధ్య ముప్పై సెంటీమీటర్లు, గది ఉష్ణోగ్రత ఇరవయ్యెనిమిది. అక్కడ తప్పు అర సెంటీమీటరు కూడా దాటదు, స్కేలు పట్టుకున్న చేతికి అది తెలియనే తెలియదు. ఈ తప్పు దూరంతో పాటు పెరిగేది. నాలాలో దూరం పది రెట్లు, వేడి వేరు. అంటే మేం పరీక్షించింది మా సమస్యను కాదు, బకెట్టును. సమస్య స్లైడులో ‘మూడు మీటర్ల ఎత్తు నుంచి, ఎండలోనూ వానలోనూ, పదిహేను సెంటీమీటర్ల పెరుగుదలను గుర్తించాలి’ అని ఒక్క వాక్యం రాసుకుని ఉంటే, ఏ పరీక్ష చేయాలో ఆ వాక్యమే చెప్పేది. ఆ చోటును నేను 1908కి ఇచ్చేశాను.

తర్వాత ఒక ఉష్ణోగ్రత సెన్సరు కలిపి, లైను మార్చాం:

```
speed = 331.3 + 0.606 * T;
distance = duration * speed / 20000;
```

ఇక్కడ `T` డిగ్రీల సెల్సియస్‌లో, `duration` మైక్రోసెకన్లలో, దూరం సెంటీమీటర్లలో. నాలా గోడ మీద పెయింటుతో గీతలు గీసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కంటితో చూసిన మట్టాన్ని రీడింగు పక్కన రాశాం. మధ్యాహ్నపు గుట్ట అణిగింది, కానీ దాని చోట చిన్న పల్లం కనిపించింది. డబ్బా ఎండకు వేడెక్కి, లోపలి ఉష్ణోగ్రత కింది గాలి కంటే ఎక్కువ చూపిస్తుంది. అది దిద్దిన పరికరానికీ మిగిలిన పరిమితి.

ఇప్పుడు శాలిబండ వైపు జూనియర్లు స్లైడ్లు చూడమని అడిగితే నేను మొదట తెరిచేది ఫలితాల స్లైడునే. ప్రతి అంకె పక్కనే అది ఎంత దూరం దగ్గర, ఏ వేడిలో, దేనితో పోల్చి వచ్చిందో ఉందా అని చూస్తాను. పది నిమిషాల్లో సమస్యకు ఒకటిన్నర, డిజైన్‌కు రెండున్నర చాలు. డిజైన్‌లో కూడా ఈ సెన్సరే ఎందుకు, ఇక్కడే ఎందుకు అన్న నిర్ణయాలు చెబితే సరిపోతుంది, ప్రతి వైరూ చూపించక్కర్లేదు. మిగతా ఆరు నిమిషాలూ ఫలితాలూ పరిమితులూ కలిపి. పరిమితులకు చివర్న వేరే స్లైడు పెట్టొద్దంటాను. ప్లాస్టిక్ చెత్త తేలివస్తే సెన్సరు చెత్త ఎత్తునే నీటిమట్టం అనుకుంటుంది. ఆ మాట చెప్పాల్సింది చెత్త రోజు తీసిన గ్రాఫు కిందనే. వరదొచ్చిన రాత్రి కరెంటు పోతుంది. బ్యాటరీ ఎన్ని గంటలు నిలిచిందో కొలిచిన అంకె ఉంటే అది ఫలితం, లేకపోతే ‘కొలవలేదు’ అని అక్కడే రాయాలి.

ఆ ఒక్క మాట నా గ్రాఫు కింద రాయడానికి కూర్చుని ఉంటే, రాసే ముందే టేపు పట్టుకుని మధ్యాహ్నం రెండింటికి నాలా దగ్గరికి వెళ్లేవాణ్ని. మా మెసేజ్ నమ్మి సామాన్లు పైకెత్తుకోవాల్సిన వాళ్లు మా వీధి వాళ్లే. ఎండ పూట నీరు కాస్త పెరిగినా ఉత్తుత్తి హెచ్చరికలు పంపే పరికరాన్ని వాళ్లు వారం తిరక్కుండానే పట్టించుకోవడం మానేసేవారు, అసలు వరద రాత్రి కూడా.