కాకిలెక్కకో కొత్త గుణకం

డిజిటల్ ప్రకటనల నెలవారీ రిపోర్టుల్లో కొన్నేళ్లుగా ఒక కొత్త వరస కొలువుతీరింది. పైన "నమోదైన కన్వర్షన్లు", కింద "సర్దుబాటు చేసిన కన్వర్షన్లు". పైది ఎప్పుడూ చిన్నది, కిందిది ఎప్పుడూ పెద్దది. సర్దుబాటు చేశాక తగ్గిన అంకె ఇంతవరకు నా కంటపడలేదు. ఆ పెరుగుదలకు కారణం స్లైడు అడుగున, బూడిదరంగు అక్షరాల్లో, భూతద్దం ఉంటే చదవగలిగే సైజులో ఉంటుంది: "ప్రైవసీ మార్పుల ప్రభావం కలిపి".

ప్రైవసీ మార్పు అబద్ధం కాదు. 2021 ఏప్రిల్ 26న ఆపిల్ ఐఓఎస్ 14.5 విడుదల చేసింది. అప్పటినుంచి ఐఫోన్లో ఏ యాప్ అయినా ఇతర యాప్‌లలో, సైట్లలో మన కదలికలను వెంబడించాలంటే ముందు అనుమతి అడగాలి. అడిగితే చాలామంది వద్దన్నారు. ఎవరైనా మాత్రం "రండి, నా వెనకాలే రండి" అంటారా? దాంతో ఇన్‌స్టాగ్రామ్‌లో చీర ప్రకటన నొక్కిన మనిషికీ, దుకాణం సైట్లో చీర కొన్న మనిషికీ మధ్య ఉన్న దారం తెగింది. ఆర్డరు వచ్చింది, డబ్బు వచ్చింది, చీరా వెళ్లింది. అది తన ప్రకటన పుణ్యమేనని ఫేస్‌బుక్‌కు తెలియదు, అంతే. కొన్నిటిని అంచనా కట్టి చూపిస్తుంది, కొన్నిటిని రెండు మూడు రోజులు ఆలస్యంగా చూపిస్తుంది, కొన్ని గాల్లో కలిసిపోతాయి.

ఇంతవరకు అనలిస్టుల తప్పేం లేదు. అసలు వేడుక ఆ ఏడాది సెప్టెంబరులో మొదలైంది. ఐఫోన్ల నుంచి సైట్లలో జరిగే కన్వర్షన్లను తాము సగటున 15 శాతం తక్కువగా చూపిస్తున్నామని ఫేస్‌బుక్కే ప్రకటించింది. ఒక్కో ప్రకటనదారుకు ఇది చాలా తేడాగా ఉంటుందని అందులోనే చెప్పింది. మనవాళ్లు 15ను మాత్రం జాగ్రత్తగా దాచుకున్నారు. "ఐఫోన్", "సగటున" అన్న మాటలు దారిలో ఎక్కడో జారిపోయాయి. అమెరికా స్లైడులో పుట్టిన గుణకం, అత్యధికులు ఆండ్రాయిడ్ వాడే మన దేశంలోకి సుంకం కూడా కట్టకుండా దిగింది.

అది చేసే పని చూడాలంటే హైదరాబాదులో ఆన్‌లైన్ చీరల దుకాణం ఒకటి ఉందనుకుందాం. మార్పుకు ముందు నెలకు 1000 ఆర్డర్లు: 700 ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచి, 300 ఐఫోన్ల నుంచి. వాటిలో 400 నావేనని ఫేస్‌బుక్ చెప్పుకునేది: ఆండ్రాయిడ్‌లో 280, ఐఫోన్‌లో 120. మార్పు వచ్చిన నెలలోనూ దుకాణం ఆర్డర్లు అవే 700, అవే 300. ఫేస్‌బుక్ మాత్రం ఆండ్రాయిడ్‌లో 280, ఐఫోన్‌లో 60 చూపించింది. మొత్తం 340.

అనలిస్టు 340ని 0.85తో భాగించాడు. సరిగ్గా 400 వచ్చింది. యజమాని ఊపిరి పీల్చుకున్నాడు, అనలిస్టుకు మంత్రం ఫలించిన ధైర్యం వచ్చింది. నిజానికి మొత్తం కాకతాళీయంగా కుదిరింది, లోపల మాత్రం అంతా తలకిందులు. ఒక్క ఆర్డరూ కనుమరుగవని ఆండ్రాయిడ్‌కు 280 బదులు 329 రాశారు. సగం కన్వర్షన్లు పోగొట్టుకున్న ఐఫోన్‌కు 120 బదులు 71తో సరిపెట్టారు. ఆ పట్టిక చూసి "ఐఫోన్ వాళ్లకు చూపించే ప్రకటనలు దండగ, బడ్జెట్ తగ్గిద్దాం" అనే తీర్మానం వెంటనే పుట్టుకొస్తుంది. కనిపించనివాళ్లను లేనివాళ్లుగా లెక్కగట్టడమన్నమాట.

మూడో నెల ఇంకా రసవత్తరం. ఈసారి అమ్మకాలు నిజంగానే పడ్డాయి. ఆండ్రాయిడ్ ఆర్డర్లు 580, ఐఫోన్ ఆర్డర్లు 270. ఫేస్‌బుక్ చూపించింది 232, 54. మొత్తం 286. పాత మంత్రం వేస్తే 336 దగ్గరే ఆగిపోతోంది. మంత్రం పారకపోతే మార్చాల్సింది మంత్రాన్నే కదా!

"ఏమయ్యా, పోయిన నెలకంటే తగ్గినట్టుందే?" అని యజమాని.

"తగ్గలేదు సార్, ట్రాకింగ్ ఇంకా దెబ్బతింది. ఇప్పుడు 1.4తో గుణించాలి."

286ను 1.4తో గుణిస్తే మళ్లీ 400. ఆడలేక మద్దెల ఓడన్న సామెతకు ఇంతకన్నా ఆధునికమైన ఉదాహరణ దొరకదు. గాలికి పోయిన పేలపిండి కృష్ణార్పణం అనేవారు పెద్దలు. ఇప్పుడది ఆపిలార్పణం.

ఈ బండారం బయటపడటానికి గణితంలో పండితుడు కానక్కర్లేదు. ఆర్డరు ఏ రకం ఫోన్ నుంచి వచ్చిందో దుకాణం సర్వరుకే తెలుస్తుంది, దానికి ఎవర్నీ వెంబడించక్కర్లేదు. ఆ పుస్తకం పక్కన ఫేస్‌బుక్ లెక్క పెట్టి, ఫోన్ రకం వారీగా నిష్పత్తి చూడాలి. ఆండ్రాయిడ్‌లో ముందు 700కు 280, అంటే 40 శాతం. మూడో నెలలో 580కి 232, అదీ 40 శాతమే. చూపు చెక్కుచెదరలేదు, తగ్గింది ఆర్డర్లే. ఐఫోన్ నిష్పత్తి రెండో నెలలో 40 నుంచి 20కి పడి అక్కడే నిలిచింది. అంటే దారం తెగడం అయిపోయింది, కొత్తగా తెగిందేమీ లేదు. సర్దుబాటంటూ చేస్తే ఐఫోన్ వరసకే చెయ్యాలి. ఆ నెల దగ్గర గ్రాఫులో నిలువుగీత గీసి "ఇక్కడ కొలత మారింది" అని రాయాలి. ఆ గీత గీసిన రిపోర్టులు అరుదు, ఎందుకంటే గీతకు అటూఇటూ పోల్చి బోనస్ అడగడం కష్టం.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. ఫోన్లో ప్రకటన చూసి ల్యాప్‌టాప్‌లో కొనేవాళ్లు ఏ వరసలోనూ ఇమడరు. పైగా దారం తెగితే లెక్కే కాదు, గురి కూడా చెడుతుంది. ఎవరికి ప్రకటన చూపిస్తే కొంటారో ఫేస్‌బుక్‌కు మునుపటంత తెలియదు కాబట్టి ఐఫోన్ అమ్మకాల్లో కొంత నిజంగానే తగ్గి ఉండొచ్చు. 300 నుంచి 270కి తగ్గినదాంట్లో ఆ వాటా ఎంతో ఈ పట్టిక చెప్పలేదు. చెప్పగలనని బల్లగుద్దే గుణకం ఏదైనా ఉంటే, బల్లను కాపాడుకోవాలి.

అసలు చిక్కు వేరే ఉంది. ఇంత కష్టపడి కాపాడుతున్న ఆ 400 ఏ దేవుడిచ్చిన అంకె? అది ఫేస్‌బుక్ తనకు తాను వేసుకున్న మార్కు. అదే ఆర్డరును గూగుల్ కూడా తన ఖాతాలో వేసుకుని ఉండొచ్చు. ప్రకటన చూసినా చూడకున్నా కొనేవాళ్లు అందులో ఎంతమందో తెలియదు. 2012లో ఈబే తన పేరుతో వెతికేవాళ్లకు చూపించే ప్రకటనలను కొన్ని సెర్చ్ ఇంజిన్లలో ఆపి చూసింది. ఆ క్లిక్కుల్లో 99.5 శాతం డబ్బు కట్టక్కర్లేని మామూలు ఫలితాల దారిలోనే వచ్చేశాయని ఆ ప్రయోగం చేసిన బ్లేక్, నోస్కో, టాడెలిస్ రాశారు. అప్పటికి ఏ ఫోనూ అనుమతి అడగలేదు, ట్రాకింగ్ కళకళలాడుతోంది.

మన చీరల దుకాణమూ ఆ పని చెయ్యొచ్చు. ప్రతి ఆర్డరు మీదా పిన్‌కోడ్ ఉంటుంది. ఇదివరకు అమ్మకాలు ఒకే తీరున సాగిన జిల్లాలను రెండు గుంపులు చేసి, ఒక గుంపులో నెలరోజులు ప్రకటనలు ఆపి, మొత్తం ఆర్డర్ల తేడా చూస్తే చాలు. ఆపిల్‌తో పనిలేదు, గుణకంతో అసలే లేదు. యజమాని ఈ మాట ఎత్తితే ఏజెన్సీవారు ఎంతో వినయంగా ఒప్పుకుంటారు. "తప్పకుండా చేద్దాం సార్, దసరా వెళ్లనివ్వండి." దసరా తర్వాత దీపావళి ఉంది. ఆపైన కార్తీకం, పెళ్లిళ్లు, సంక్రాంతి. సంక్రాంతి అయ్యాక ఉగాది ఆఫర్లు. ఇక ఆషాఢంలోనైనా ఆపుదామంటే అదేమో డిస్కౌంట్ల సీజను.