రూము ఖాళీ చేసేవాళ్లు నమ్మకూడని సలహాలు

డీఎస్సీ కోచింగు కోసం అవనిగడ్డలో రూము తీసుకున్నవాళ్లు, తర్వాత వచ్చేవాళ్లకు దాని గురించి రాసి పెట్టడం మంచి అలవాటు. అయితే ఎలా రాయాలో చెప్పే సలహాల్లో చాలావరకు తప్పుడివే.

“దిగిన వారంలోనే రాసేయండి, అన్నీ గుర్తుంటాయి” అంటారు. అలా అస్సలు రాయొద్దు. జనవరిలో కాలవలు పారుతుంటాయి, ట్యాంకు నిండుతుంది, “నీళ్లకు లోటు లేదు” అనిపిస్తుంది. ఎండాకాలంలో కాలవలు కట్టేశాక అదే ఇంట్లో బోరు నీళ్లే దిక్కు. సముద్రం పక్కనున్న దివిసీమలో, బందరులో బోరు చాలాచోట్ల ఉప్పగానే పడుతుంది. 2025 మెగా డీఎస్సీ నోటిఫికేషన్ ఏప్రిల్ 20న వచ్చింది, పరీక్షలు జూన్ 6న మొదలయ్యాయి. అంటే గట్టిగా చదవాల్సిన రోజులూ నీటి కటకట రోజులూ ఒకటే. కాబట్టి మే నెల చూశాకే రాయండి. బోరు నీళ్లకు సబ్బు నురగ వస్తుందా, కుళాయి చుట్టూ తెల్లగా పేరుకుంటుందా, మోటారు ఏ వేళ వేస్తారు, తాగే నీళ్ల క్యాన్ ఖర్చు ఎవరిది, ఇవన్నీ రాయాలి. టీడీఎస్ మీటరు దొరికితే అంకె కూడా వేయండి. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణం. వేరే నీరు లేనిచోట 2,000 వరకు ఒప్పుకుంటుంది.

“ఏరియా సేఫే అని ఒక్క ముక్క చాలు” అన్నది ఇంకో సలహా. ఆ ముక్క ఆడపిల్లలకు ఎందుకూ పనికిరాదు. బాత్రూము గది లోపలా, పెరట్లోనా? గడియ లోపలి నుంచి పడుతుందా? బస్టాండు నుంచి వచ్చే దారిలో రాత్రి దీపాలుంటాయా? కింది గదైతే తలుపు కింద సందు ఎంతుందో, తూముకి జాలీ ఉందో లేదో తప్పక రాయండి. వానల్లో పాములు ఇళ్లలోకి వస్తాయి. 2018లో దివిసీమ పాముకాట్లతో హడలిపోయింది.

అన్నిటికన్నా నష్టం చేసేది, “ఓనరుగారు మంచివారు అని రాసి ముగించండి, అడ్వాన్సు త్వరగా ఇస్తారు” అనే సలహా. పిన్నిగారు పండక్కి బూరెలు పెట్టి ఉండొచ్చు, ఆ మాటా రాయండి. కానీ అడ్వాన్సు చేతికొచ్చేదాకా ఆగి, లెక్కతో సహా రాయండి. ఉదాహరణకు అద్దె 2,500, అడ్వాన్సు 5,000 అనుకుందాం. ఖాళీ చేసేటప్పుడు సున్నానికి 1,000, కరెంటుకు 400 పట్టుకుంటే మీకు రావాల్సింది 3,600. సున్నం సంగతి దిగేటప్పుడే చెప్పారా? కరెంటుకు సబ్ మీటరు ఉందా, నోటిలెక్కా? డబ్బు వెంటనే ఇచ్చారా, “కొత్తవాళ్లు దిగాక ఇస్తాం” అన్నారా? గుడివాడలో రూము వెతికేవాళ్లు కూడా ముందు అడగాల్సినవి ఇవే. దిగిన రోజున గోడల ఫోటోలు, మీటరు రీడింగు, అడ్వాన్సు ముట్టినట్టు ఓనరుగారి సంతకం ఉన్న చిన్న కాగితం దగ్గర పెట్టుకున్నవాళ్లకు కోత ఎంత పడిందో, పెట్టుకోనివాళ్లకు ఎంత పడిందో కూడా పక్కపక్కనే రాయండి.